మంగళవారం సున్నా

ఆ ఇంటికి ఇద్దరు కోడళ్ళు. పెద్దామెను ఊళ్ళో అందరూ చుక్కలమ్మ అంటారు. రోజూ తెల్లారకముందే భుజాన సంచి తగిలించుకుని పడమటి వీధుల్లోని ఎనిమిది కుళాయిల దగ్గరికీ నడిచి వెళ్ళడం, గాజుగొట్టంలో నీళ్ళు పట్టి మందు చుక్కలు వేయడం, నీళ్ళలో క్లోరిన్ సరిపడా ఉందో లేదో రంగు చూసి తేల్చడం ఆమె ఉద్యోగం. పసుపు నిండుగా వస్తే నీళ్ళు మంచివి, పాలిపోతే అనుమానించాలి. తేలిన అంకెను అక్కడికక్కడే ఫోన్‌లో కొట్టి పంపేస్తుంది. ఆ అంకెలు వచ్చి చేరే నీటి సరఫరా ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునేది చిన్నకోడలు. అంకెల్ని రోజువారీ పట్టికలుగా అమర్చేది ఆమే కాబట్టి ఆఫీసులో ఆమె పేరు లెక్కలమ్మ. ఒకరి పని ఇంకొకరి పనిలోకి ఇంత చక్కగా పారుతుంటే తోటికోడళ్ళ మధ్య గొడవకు చోటెక్కడిది అనుకుంటాం. అనుకోవడానికేం, డబ్బులా దస్కమా!

శుక్రవారం పదకొండు గంటలకు ఇంజనీరు గారు లెక్కలమ్మను గదిలోకి పిలిచాడు. మామూలుగా కూర్చోమని చెప్పేవాడు, ఆ రోజు చెప్పలేదు.

"ఏడో కుళాయి పక్కన బడి ఉంది కదా. బుధవారం సాయంత్రం నుంచి తొమ్మిదిమంది పిల్లలకు వాంతులు, విరేచనాలు. ఎనిమిదిమంది ఇళ్ళకొచ్చారు, ఒక పాప ఇంకా ఆస్పత్రిలోనే ఉంది," అన్నాడు. "పైపు పగిలి మురుగు కలిసింది. నిన్న మన పేజీలో ఎర్రగా కనబడ్డాక గానీ మనవాళ్ళు అక్కడికి పోలేదు. అంతకుముందు ఎవరూ ఎందుకు చూడలేదని పైనుంచి అడుగుతున్నారు. పడమటి వైపు ఈ వారం ఏ రోజు ఎన్ని పరీక్షలు జరిగాయో తీసి పట్రా."

లెక్కలమ్మ తన కుర్చీలోకి వచ్చి పట్టిక తీసింది. ఆదివారం ఎనిమిది. సోమవారం పదకొండు. మంగళవారం సున్నా. బుధవారం పదమూడు. గురువారం ఎనిమిది.

సున్నా దగ్గర ఆమె వేలు ఆగింది. పేజీని మళ్ళీ తెరిచింది, అదే సున్నా. కంప్యూటర్‌ను ఆపి మళ్ళీ ఆన్ చేసింది, అయినా అదే సున్నా. సున్నాకు మొహమాటం ఉండదు కదా!

ఇంజనీరు గారు కాగితం చూసి కళ్ళద్దాలు తీశాడు. "సోమవారమే మర్నాటివి మూడు కూడా ఇంట్లో కూర్చుని కొట్టేసింది. మంగళవారం ఎగ్గొట్టింది. బుధవారం భయమేసి ఇంకో అయిదు కలిపింది. అంతే కదా?"

లెక్కలమ్మ మళ్ళీ కాగితం వైపు చూసింది. అంకెలను చూస్తే ఎవరైనా అదే అంటారు, తను మాత్రం ఇంకేం అంటుంది?

"మీ తోటికోడలే కదూ," అన్నాడాయన, ఈసారి కాస్త మెత్తగా.

"అవునండీ."

మధ్యాహ్నం చుక్కలమ్మను పిలిపించారు. ఆమె ఆ గదిలోకి ఎప్పుడూ రాలేదు. చెప్పులు గుమ్మం బయటే విడిచి, సంచి పట్టుకుని నిలబడింది. మంగళవారం ఏమైందని అడిగితే, "వెళ్ళానండీ. నాలుగింటికే బయల్దేరాను. ఎనిమిదీ చూశాను," అంది.

"రోజూ నాలుగున్నరకు కదా మీరు బయల్దేరేది? ఆ రోజే నాలుగింటికి ఎందుకు?"

చుక్కలమ్మ ఒక్క క్షణం తోటికోడలి వైపు చూసింది. "ఇంట్లో పనుందండీ," అంది.

ఆ పనేమిటో లెక్కలమ్మకు తెలుసు. సోమవారం సాయంత్రం ఆమే వెళ్ళి బతిమాలింది. కూతురికి జ్వరం, మొగుడు ఊళ్ళో లేడు, మంగళవారం పొద్దున ఏడింటికి పై ఆఫీసు వాళ్ళతో వీడియో మీటింగు. 'అక్కా, ఆరుంపావుకల్లా వచ్చి పిల్ల దగ్గర కూర్చుంటావా?' అంటే, 'దానికింత బతిమాలాలా అమ్మాయ్, అరగంట ముందు లేస్తే సరి,' అంది చుక్కలమ్మ. అన్నట్టుగానే ఆరుంపావుకు వచ్చింది. కానీ వచ్చే ముందు నిజంగా ఎనిమిది కుళాయిలూ తిరిగిందా, పడుకుని లేచి నేరుగా వచ్చిందా? లెక్కలమ్మ చూడలేదు. ఆమె లేచింది అయిదున్నరకు.

ఆ మాటైనా గదిలో చెప్పి ఉండొచ్చు, 'నా కోసమే తొందరగా బయల్దేరిందండీ' అని. చెప్పలేదు. చెబితే తనకోసమే పని ఎగ్గొట్టిందంటారని భయం. ఆ భయం ఎవరి కోసమో పైకి చెప్పుకోవడానికి ఆమెకే సిగ్గేసింది.

"మీ దగ్గర రుజువేమైనా ఉందా?"

"పంపేశాక ఫోన్‌లో ఏమీ మిగలదండీ. ఇదివరకు పుస్తకంలో రాసేవాళ్ళం. అది ఎత్తేశారుగా."

పుస్తకం ఎత్తేయమని ఏడాది కిందట సలహా ఇచ్చింది లెక్కలమ్మే. కాగితం దండగ, ఒకే పని రెండుసార్లు ఎందుకని.

చుక్కలమ్మను ఆ క్షణం నుంచి పనిలోంచి ఆపేశారు. సోమవారం పదకొండింటికి పై ఆఫీసు అధికారిణి వచ్చి విచారిస్తుందనీ, తప్పు రుజువైతే ఉద్యోగం పోవడమే కాదు, పిల్లల జబ్బుకు బాధ్యురాలిగా పేరు పోలీసులకు పంపుతారనీ కాగితం ఇచ్చారు. ఆమె ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి గాజుగొట్టాల పక్కన సంచిలో పెట్టుకుంది.

ఇంటికి వస్తే ఇల్లు ఇల్లులా లేదు. అత్తగారు వసారాలో కూర్చుని ఎవరినీ చూడకుండా అందరికీ వినబడేలా మాట్లాడుతోంది. "ఇంట్లో వాళ్ళ మీద ఇంట్లో వాళ్ళే చాడీ రాసి ఇవ్వడం మా కాలంలో లేదమ్మా. ఇప్పుడు చదువులెక్కువయ్యాయి."

"నేనేం రాయలేదత్తయ్యా. కంప్యూటర్లో ఏముందో అదే తీసిచ్చాను."

"ఆ కంప్యూటర్‌కి నువ్వు చెప్పిందే కదే అది చెప్పేది!"

ముసలావిడ కోపంలో అన్నమాట గానీ, ఆ ఇంట్లో ఆ రోజు అంత తెలివైన మాట ఇంకెవరూ అనలేదు. లెక్కలమ్మ మాత్రం చీర చెంగు దులుపుకుని లోపలికి వెళ్ళిపోయింది. బావగారు ఎదురుపడి పక్కకు తప్పుకున్నాడు. ప్రెస్సులో పని, అసలే మాటలు తక్కువ మనిషి. ఇప్పుడు ఆ తక్కువ కూడా పోయింది.

వంటింట్లో చుక్కలమ్మ గాజుగొట్టాలు కడుగుతోంది. రేపు పనిలేదు, అయినా కడుగుతోంది.

లెక్కలమ్మ గుమ్మంలో నిలబడింది. "అక్కా, ఒక్కమాట. నిజం చెప్పు, నేను ఎవరికీ చెప్పను. మంగళవారం ఒక్కరోజే కదా, పిల్లకోసం ఎక్కడైనా..."

చుక్కలమ్మ చేతిలో గొట్టం ఆగింది. తల తిప్పలేదు.

"వెళ్ళానని చెప్పాను కదా అమ్మాయ్."

"చెప్పావక్కా. కానీ అందులో సున్నా ఉంది."

"ఉంటే ఉంది. నేను మాత్రం వెళ్ళాను."

 చుక్కలమ్మ కడిగిన ఎనిమిది గొట్టాలనూ గుడ్డ మీద వరుసగా బోర్లించి వెళ్ళిపోయింది. లెక్కలమ్మకు కోపం వచ్చింది. తప్పు చేసినవాళ్ళే కదా ఇలా బిగుసుకుపోయేది అనుకుంది. పాపం, మనకు తోచింది మనకు న్యాయంగానే కనబడుతుంది.

శనివారం చుక్కలమ్మ బదులు తూర్పు వైపు పరీక్షలు చేసే ఆయన్ని పంపించారు. ఎనిమిదింటి బాబాయి అంటారు అతన్ని, సూర్యుడు నెత్తికెక్కితే గానీ గడప దాటడని. అతని పట్టిక మాత్రం ఏడాది పొడుగునా కడిగిన ముత్యం, ఒక్క రోజు ఎక్కువ లేదు, తక్కువ లేదు. "చూశావా, బద్ధకస్తుడన్నారు. ఒక్క మచ్చుంటే చూపించు," అన్నాడు ఇంజనీరు గారు. లెక్కలమ్మ తలూపింది. నాలుగింటికి లేచేదాని పట్టికలో సున్నా, ఎనిమిదింటికి లేచేవాడి పట్టిక నిండు కుండ. ఎక్కడో ఏదో గీరుకుంది, ఏమిటో తెలియలేదు.

ఆదివారం మధ్యాహ్నం మొగుడు ఊరినుంచి వచ్చాడు. సంగతంతా విని, భోజనం చేస్తూ, "వదిన అబద్ధం చెప్పదే," అన్నాడు.

"అందరూ నన్నే అనండి. అంకెలు కనబడుతుంటే నేనేం చేయను?"

"అంకెలు నాకు తెలియవు. వదిన దగ్గర గాజుగొట్టాలు ఎన్ని?"

"ఎనిమిది."

"మధ్యలో కడగడానికి నీళ్ళ డబ్బా మోసుకెళ్ళదు కదా. ఇంటికొచ్చే కడుగుతుంది. మరి బుధవారం పదమూడు ఎలా చేసింది?"

"చేయలేదనే కదా అంటున్నారు. ఊరికే కొట్టేసిందని."

"ఊరికే కొట్టేవాళ్ళు బుధవారానికి పదమూడు ఎందుకు కొడతారే? దొంగతనం చేసేవాడు ఎనిమిదే వేస్తాడు, దొరక్కుండా. పదమూడు వేయడానికి వదినేమైనా వెర్రిబాగుల్దా?" అని నవ్వి చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

లెక్కలమ్మ లేవలేదు. పదకొండు, సున్నా, పదమూడు. మనసులోనే కూడింది. ఇరవై నాలుగు. మూడెనిమిదులు ఇరవై నాలుగు. మొత్తం సరిగ్గా సరిపోయింది. ఒక్కటి పోలేదు, ఒక్కటి పెరగలేదు. మరి ఎవరో ఒక రోజు గంపలోంచి తీసి ఇంకో రోజు గంపలో వేసినట్టు ఎందుకుంది?

ఎంగిలి చెయ్యి గబగబా కడుక్కుని ఆఫీసు లాప్‌టాప్ తెరిచింది. ఇన్నాళ్ళూ రోజు మొత్తమే చూసింది గానీ, ఒక్కొక్క పరీక్షను విడిగా విప్పి చూసే అవసరం రాలేదు. సోమవారం పేజీలోని పదకొండింటిలో ఒకదాని మీద నొక్కింది. మొదటి కుళాయి. లోపల సమయం కనబడింది: మంగళవారం, ఉదయం నాలుగూ ఎనిమిది.

సోమవారం పేజీలో మంగళవారం ఏమిటి?

ఇంకోటి నొక్కింది. రెండో కుళాయి, మంగళవారం, నాలుగూ పంతొమ్మిది. మూడోది, మంగళవారం. నాలుగోది, మంగళవారం. ఎనిమిదీ అంతే, చివరిది అయిదూ ఇరవై అయిదుకి. ఆ పేజీలో నిజంగా సోమవారంవి మూడే ఉన్నాయి, అయిదున్నర దాటాక చేసిన ఆ చివరి మూడు కుళాయిలు. సోమవారం అయిదున్నరకు ముందు చేసిన అయిదూ ఆదివారం పేజీలోకి పోయి కూర్చున్నాయి.

 ఏడాది కిందట ఈ ఏర్పాటు పెట్టిన కంపెనీ మనిషి ఫోన్‌లో చెప్పిన మాట లెక్కలమ్మకు గుర్తొచ్చింది. "మేడమ్, మా దగ్గర టైమ్ అంతా ప్రపంచ టైమ్‌లో దాస్తాం. మీ గడియారం దానికంటే అయిదున్నర గంటలు ముందు. చూపించేటప్పుడు అయిదున్నర గంటలు కలుపుకోండి." కలిపింది. విడిగా విప్పితే కనబడే సమయానికి కలిపింది. రోజు ఎప్పుడు మారుతుందో తేల్చే చోట, ఏ రోజుకు ఎన్నని లెక్కపెట్టే చోట, కలపడం మరిచిపోయింది. దాచిన సమయంలోంచి తేదీని ఉన్నదున్నట్టు కోసేసింది. ఇక్కడ పొద్దున అయిదున్నర అయ్యేదాకా ఆ గడియారంలో ఇంకా నిన్నే. తెల్లారుజామున అయిదున్నరకు ముందు చేసిన ప్రతి పనీ, ఈ పట్టికలో, నిన్న చేసినట్టే.

మరి ఏడాదిగా ఎవరికీ ఎందుకు కనబడలేదు? చుక్కలమ్మ అంత కచ్చితమైన మనిషి కాబట్టి. రోజూ నాలుగున్నరకు బయల్దేరి, రోజూ అయిదున్నరలోపు అయిదు, అయిదున్నర దాటాక మూడు. ఇవాళ్టి అయిదు నిన్నటిలోకి జారితే, రేపటి అయిదు ఇవాళ్టిలోకి జారతాయి. ఎప్పుడు చూసినా ఎనిమిదే. ఆ మంగళవారం తన పిల్లకోసం ఎనిమిదీ అయిదున్నరలోపే ముగించింది, ఎనిమిదీ సోమవారంలోకి పోయాయి. బుధవారం మోటారు రిపేరని నీళ్ళు ఏడింటికి వదిలారు, ఒక్కటీ వెనక్కు జారలేదు. మంగళవారం గంప ఖాళీ. ఎనిమిదింటి బాబాయికి ఏ బాధా లేదు, అతను బయల్దేరేసరికి రెండు గడియారాల్లోనూ ఇవాళే.

పొద్దున్నే తెరిస్తే ఆ రోజు పేజీలో మూడే కనబడేవి. 'సిగ్నల్ ఆలస్యం, ఇవాళ్టి లెక్క రేపటికి పండుతుంది' అని ఆఫీసులో నవ్వుకునేవారు. నిన్నటి పేజీనే చూడాలని గోడ మీద కాగితం కూడా అంటించింది లెక్కలమ్మ, తన చక్కటి చేతిరాతతో. బుద్ధి ఉన్నవాళ్ళెవరైనా అక్కడే ఆగి ఎందుకని అడిగేవారు. తను అడగలేదు.

లెక్క సరిదిద్దింది. దాచిన సమయానికి ముందు అయిదున్నర గంటలు కలిపి, ఆ తర్వాత తేదీ కోసింది. సోమవారం ఎనిమిది. మంగళవారం ఎనిమిది. బుధవారం ఎనిమిది.

"అమ్మయ్య!" అంది పైకే. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లేచి వంటింట్లోకి పరిగెత్తబోయింది. అప్పుడు తెర మీద మంగళవారం వరుసలో ఒక గడి ఎర్రబడింది.

ఏడో కుళాయి. పాయింట్ ఒకటి. నీళ్ళలో క్లోరిన్ కనీసం పాయింట్ రెండు ఉండాలి.

ఇదివరకు ఇది ఎర్రగా ఎందుకు లేదు? చూసింది. సోమవారం పేజీలో ఏడో కుళాయికి రెండు అంకెలున్నాయి, సోమవారం అయిదున్నర దాటాక తీసిన పాయింట్ అయిదు, మంగళవారం అయిదున్నరలోపు తీసిన పాయింట్ ఒకటి. పట్టిక ఆ రెండింటినీ ఒకే రోజువనుకుని సగటు కట్టింది. పాయింట్ మూడు. పచ్చరంగు. మంగళవారం పది గంటలకు తను చూసింది ఆ పచ్చరంగునే.

చూసింది... ఎందుకు చూసింది?

లెక్కలమ్మ మెల్లగా కుర్చీలో కూర్చుంది. మంగళవారం ఆరుంపావు. తను ఒక చెప్పు వేసుకుని రెండోదాని కోసం వెతుకుతోంది. అక్క సంచి దించుతూ అంది, "అమ్మాయ్, ఏడోది ఇవాళ పాలిపోయింది. ఆఫీసుకెళ్ళగానే ఒకసారి చూడు." తను "అలాగే అక్కా" అంది. అక్క కుళాయిల గురించి ఎప్పుడూ అలాగే మాట్లాడుతుంది, చుట్టాల గురించి చెప్పినట్టు. మూడోదానికి ఇవాళ బద్ధకంగా ఉంది, అయిదోది బుసలు కొడుతోంది, అంటూ. విన్నట్టే ఉంటుంది, బుర్రకెక్కదు. పది గంటలకు మీటింగు ముగిశాక గుర్తొచ్చి పేజీ తెరిచింది. పచ్చగా ఉంది. అక్క చాదస్తం అనుకుని మూసేసింది. ఆ మీటింగులో పై ఆఫీసు వాళ్ళు ఏడాదిగా ఎనిమిదికి ఒక్క రోజూ తగ్గలేదని ఆమెను మెచ్చుకున్నారు కూడా.

అప్పుడే ఎవరినైనా పంపి ఉంటే మంగళవారం మధ్యాహ్నానికే కుళాయి కట్టేసేవారు. పిల్లలు బుధవారం ఆ నీళ్ళు తాగేవారు కాదు.

శుక్రవారం ఆ గదిలో అక్క తన వైపు చూసిన చూపు ఇప్పుడు అర్థమైంది. 'నేను మీ ఆఫీసులో మనిషికే చెప్పానండీ' అని ఒక్కమాట అంటే చాలు, బయటపడేది. అనలేదు. గొట్టాలు కడుగుతున్నప్పుడు తను వెళ్ళి నిజం చెప్పమని అడిగినప్పుడైనా, 'నీకే చెప్పాను కదే' అని ముఖం మీద కొట్టి ఉండొచ్చు. అదీ అనలేదు.

ఆదివారం సాయంత్రమంతా లెక్కలమ్మ వంటింటి గుమ్మం దాకా వెళ్ళడం, వెనక్కి రావడం. సున్నా తప్పని చెప్పడం తేలికే. దాని వెనక రెండో సంగతి ఉందే, అదే కష్టం. సున్నా వరకే చెప్పి ఊరుకుంటే? అక్క ఉద్యోగం నిలబడుతుంది. తన తప్పు కంప్యూటర్ తప్పుగా పోతుంది. అక్కేమో అలాగూ నోరు విప్పదు. ఇంతకంటే తేలికదారి ఎవరికైనా దొరుకుతుందా?

సోమవారం తొమ్మిదింటికి సరిదిద్దిన పట్టిక పట్టుకుని ఇంజనీరు గారి గదిలోకి వెళ్ళి చెప్పింది. ఆయన రెండుసార్లు విన్నాడు. మూడోసారి చెప్పేటప్పుడు ముఖం కందగడ్డ అయింది.

"అంటే ఏడాదిగా మనం పైకి పంపిన లెక్కలన్నీ తప్పా?"

"పడమటి వైపువి అన్నీనండీ. మొత్తాలు సరే. రోజులే తప్పు."

ఆయన లేచి తలుపు దగ్గరగా వేశాడు. "చూడమ్మా. మీ అక్కను బయటపడేద్దాం, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఏడాది అంతా ఎందుకు తవ్వడం? ఆ మంగళవారం ఒక్కటీ సరిచేసి, సిగ్నల్ లేక లెక్క ఆలస్యంగా చేరిందని రాసివ్వు. నీ ఉద్యోగానికీ మంచిది, నాకూ మంచిది."

"మరి ఏడో కుళాయి ఎర్రబడిందండీ. అది ఎవరూ చూడలేదేమని అడిగితే?"

"ఆలస్యంగా చేరిందంటున్నాం కదా. చేరనిదాన్ని ఎవరు చూస్తారు?"

ఎంత చక్కగా అతికిందో! లెక్కలమ్మ కాగితాలు గుండెకు ఆనించుకుని బయటికి వచ్చింది. కాదనలేదు, సరేననలేదు.

పదకొండింటికి అధికారిణి వచ్చింది. నెరిసిన జుట్టు, ముందు ఒక లావు నోట్‌బుక్, చేతిలో పెన్ను. ఎదురుగా చుక్కలమ్మ కుర్చీ అంచున కూర్చుంది, సంచి ఒళ్ళో పెట్టుకుని. నాలుగు మడతల కాగితం తీసి బల్లమీద సాపు చేస్తోంది. ఆ చేతివేళ్ళ చివర మందు చుక్కల మరకలు. ఎన్నిసార్లు కడిగినా పోవవి.

ముందు లెక్కలమ్మ మాట్లాడింది. రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టింది, ఏడాది మొత్తానివీ. ఇంజనీరు గారు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. రెండు గడియారాల సంగతి, అయిదున్నర గంటల సంగతి, కలపడం తను మరిచిపోయిన సంగతి, ఏదీ దాచకుండా చెప్పింది. "పరీక్షలన్నీ జరిగాయండీ. ఆమె ఒక్కరోజూ ఎగ్గొట్టలేదు. సున్నా నాది."

చుక్కలమ్మ తల ఎత్తింది. ఆ ముఖంలో సంతోషం లేదు. మూడు రోజులుగా బిగబట్టిన ఊపిరి మాత్రం వదిలింది.

అధికారిణి పట్టిక మీద వేలు జరుపుకుంటూ వచ్చి ఎర్రగడి దగ్గర ఆగింది. "మంగళవారం ఏడోది తక్కువ వచ్చింది కదా. మరి మీరు చూశారు, మీకు తెలుసు. అంత తక్కువుందని ఎవరికైనా నోటితో చెప్పారా?"

ఆ ప్రశ్న చుక్కలమ్మకు. చెప్పలేదంటే అది ఆమె తప్పవుతుంది. తక్కువొస్తే ఆఫీసుకు నోటిమాటగా కూడా చెప్పాలని నియమం. ఆమెకు అది తెలుసు. లెక్కలమ్మకూ తెలుసు.

చుక్కలమ్మ చేతులు కాగితం మీద ఆగిపోయాయి. తోటికోడలి వైపు ఈసారి చూడలేదు.

"లేదండీ," అంది. "ఫోన్‌లో కొట్టాను. అది చాలనుకున్నాను."

అధికారిణి పెన్ను తీసింది. ఇంజనీరు గారు కిటికీ దగ్గరినుంచి ఇటు తిరిగాడు, ఈ మాటతో అందరి పనీ అయిపోయినట్టు.

"చెప్పిందండీ," అంది లెక్కలమ్మ.

 చుక్కలమ్మ పళ్ళ బిగువున, "ఊరుకో అమ్మాయ్," అంది. "పిల్లగలదానివి. ఊరుకో."

"నాకే చెప్పిందండీ. పాలిపోయింది, వెళ్ళగానే చూడమంది. నేను అలాగే అన్నాను. పది గంటలకు పేజీ చూసి పచ్చగా ఉందని మూసేశాను. ఆమె మాట కంటే పేజీని నమ్మాను. శుక్రవారం కూడా అంతే."

 చుక్కలమ్మ చెంగుతో కళ్ళు తుడుచుకోబోయి, చేతికి మందు ఉందేమోనని వేళ్ళవైపు చూసుకుని ఆగిపోయింది. అధికారిణి ఇంతకుముందు రాసిన వాక్యం మీద గీత కొట్టి, కొత్త పేజీ తిప్పింది.

"ఎప్పుడు చెప్పారు? రోజు, సమయం సరిగ్గా చెప్పండి."

"మంగళవారం," అంది లెక్కలమ్మ. "పొద్దున ఆరుంపావుకి."

అధికారిణి రాసుకుంది.